చెరి సగం దాణా

వృత్తిరీత్యా నేను దర్జీని. చొక్కాలు కుడతాను, లాగులు కుడతాను, ఖాళీ ఉంటే దిండు గలీబులూ కుడతాను. కానీ ఆ నెలలో నా మిషను కుట్టిన దానికంటే నా కళ్ళు కుట్టిందే ఎక్కువ. కారణం ఒక ఆవు. నాదైతే కళ్ళెందుకు కుడతాయి? మా తమ్ముడిది.

మా రెండిళ్ళకీ వెనక ఒకటే పెరడు, పెరట్లో ఒకటే కొట్టం, కొట్టంలో రెండు ఆవులు. ఎర్రావు నాది. నలుపు మీద తెల్లమచ్చలున్న చుక్కలావు తమ్ముడిది. మా నాన్న ఆవుల్ని చెరొకటి ఇచ్చాడు గానీ చేనుని మాత్రం చీల్చలేదు. "పండింది చెరి సగం తీసుకోండి" అని మాట తీసుకుని మరీ వెళ్ళిపోయాడు. ఆ చేలో ఎక్కువ భాగం మొక్కజొన్న. ఒక పక్కన ఆరడుగుల ఎత్తు పెరిగే పచ్చగడ్డి. గట్టు వార నాలుగు గదులంత జాగాలో లూసర్న్, అదే మూడేసి ఆకుల పప్పుజాతి మేత. మొక్కజొన్న రవ్వ ఆడించి, గానుగ చెక్క, తవుడు, కాస్త ఉప్పు, ఖనిజ లవణాల పొడి కలిపితే దాణా. దాన్ని కొట్టంలో ఒకే డ్రమ్ములో పోసుకునేవాళ్ళం. ఎవరి ఆవుకి వాళ్ళు చేతికొచ్చినంత తీసి పెట్టుకునేవాళ్ళం. కొలతలు లేవు కాబట్టి కొట్లాటలూ లేవు.

అంకెలన్నీ పాల కేంద్రంలోనే ఉండేవి. అక్కడ పాలు తూచే మనిషిని అందరూ 'మైకు' అంటారు. చెవిలో చెప్పాల్సిన మాటని చెరువవతలికి వినిపిస్తాడు. రోజూ రెండు పూటలా నా వెనకే మా మరదలు, అంటే తమ్ముడి భార్య, క్యాను పట్టుకుని నిలబడేది.

"ఎర్రావు, మూడు లీటర్లు" అనేవాడు మైకు. నేను ఇంకా మూత పెట్టుకోకముందే, "చుక్కలావు, ఏడు" అనేవాడు.

పూటకి మూడు, పూటకి ఏడు. రోజుకి ఆరు, రోజుకి పద్నాలుగు. ఆ చుక్కలావు నాకు పట్టపగలే చుక్కలు చూపించేది. అది ఈని రెండు నెలలే అయిందనీ, నాది ఈని ఎనిమిది నెలలై, మళ్ళీ చూలుతో ఉందనీ నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన మంట తగ్గుతుందా? ఆవుకి పొట్టలో నాలుగు అరలంటారు. నాకున్నది ఒక్కటే, అయినా అందులో నాలుగు పొయ్యిలు వెలిగేవి. నేను పెద్దగా ఏమీ కోరలేదు. ఒక్క పూట, ఒకే ఒక్క పూట మైకు నోట నా అంకె పెద్దదై వినిపించాలి. అంతే.

మరదలి కోరిక వేరు. పశుసంవర్ధక శాఖ నుంచి ఒకాయన పదిహేను రోజులకోసారి రిజిస్టరు పట్టుకుని వచ్చి, ఈనిన ఆవుల పాలు సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి స్వయంగా తూచి రాసుకుంటాడు. వరసగా మూడుసార్లు రోజుకి పన్నెండు లీటర్లు తగ్గకుండా ఇస్తే ఆ ఆవు పెయ్యదూడ జాతి పుస్తకంలోకి ఎక్కుతుంది. దూడ చెవికి పసుపు బిళ్ళ వేస్తారు. పుస్తకంలో 'పెంపకందారు' అనే గడిలో పెంచిన మనిషి పేరు రాస్తారు. మూడింట్లో ఒక్కసారి తప్పినా మళ్ళీ వచ్చే ఈత దాకా ఆగాలి. మా రెండిళ్ళలో ఉన్న కాగితాలన్నీ మా అన్నదమ్ముల పేర్లతోనే ఉన్నాయి. కరెంటు కాగితంలో కూడా మరదలి పేరు లేదు. ఆ గడి కోసం ఆవిడ రెండు నెలలుగా ఆవుని కంటికి రెప్పలా చూసుకుంటోంది. మొదటిసారి పద్నాలుగూ పాయింట్ రెండు వచ్చింది. రెండోసారి పదమూడూ పాయింట్ ఎనిమిది. ఇక మిగిలింది మూడోది.

రెండోసారి తూచిన మర్నాడు మరదలు పశువుల డాక్టరమ్మని పిలిపించింది. డ్రమ్ములో దాణా తగ్గిపోతోంది, కొత్త మొక్కజొన్న చేతికొచ్చేదాకా సరిపడేలా ఏ ఆవుకి ఎంత పెట్టాలో లెక్క కట్టించుకోవాలని.

డాక్టరమ్మ కొట్టంలోకి వస్తూనే, "టేపుందా?" అంది.

దర్జీ ఇంట్లో ఆ ప్రశ్నేంటి? మెళ్ళో ఉన్నదే తీసిచ్చాను. ఎర్రావు ముందుకాళ్ళ వెనక నుంచి ఛాతీ చుట్టూ వేసింది. నా టేపు అరవై అంగుళాలు. ఆవు ఛాతీ దగ్గర చేతులెత్తేసింది.

"ఇంత ఛాతీ ఉన్న గిరాకీ నాకు ఇంతవరకు తగల్లేదు డాక్టరమ్మా" అన్నాను. "తగిలితే చొక్కా కాదు, షామియానా కుట్టాలి."

"మిగతాది బెత్తెలతో కొలవండి" అంది ఆవిడ నవ్వకుండా.

ఎర్రావు చుట్టుకొలత అరవై ఎనిమిది, చుక్కలావుది డెబ్బై ముప్పావు. పొడవులు కూడా తీసి, ఫోనులో లెక్కవేసి, నాది నాలుగొందల కిలోలు, తమ్ముడిది నాలుగొందల యాభై అంది. కాటా లేకపోయినా టేపుతో బరువు తెలుస్తుందట. అదీ నా టేపుతో. నా టేపు నాకే గోతి తవ్వింది.

"ఆవు రోజుకి తన బరువులో నూటికి మూడు వంతుల దాకా తింటుందమ్మా" అని మరదలికి చెప్పసాగింది. "అంటే నీళ్ళు తీసేసిన మేత లెక్క. పచ్చిగడ్డిలో ఐదింట నాలుగు వంతులు నీళ్ళే. ఇరవై ఐదు కిలోలు మోసుకొస్తే లోపలికెళ్ళే సరుకు ఐదు కిలోలు. ఎండుగడ్డి, దాణా అయితే కిలోకి ఓ వంద గ్రాములు పోతాయి, అంతే. ముందు పచ్చీ ఎండూ కడుపు నింపాలి. అది ఒంటికి. దాని మీద ప్రతి రెండున్నర లీటర్ల పాలకీ కిలో దాణా. అది పాలకి."

మరదలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ వింది. నేను వినలేదు. ఎందుకంటే ఆవిడ చెబుతూనే నా సుద్దముక్కతో గోడ మీద రాస్తోంది, నా కళ్ళు ఆ గోడకి అతుక్కుపోయాయి.

*ఎర్రావు: పచ్చిమేత 25, ఎండుగడ్డి 5, దాణా 2½.*

*చుక్కలావు: పచ్చిమేత 25, ఎండుగడ్డి 4, దాణా 5½.*

రెండున్నర. ఐదున్నర. అన్నకి రెండున్నర, తమ్ముడికి ఐదున్నర. అదీ నా సుద్దముక్కతో.

డాక్టరమ్మ బండి సందు మలుపు తిరిగిందో లేదో నేను నోరు తిరగేశాను.

"ఒరేయ్, ఆ గోడ చూశావా?"

తమ్ముడు బస్సు డ్రైవరు. రోజంతా హారన్లు విని విని ఇంట్లో ఏ చప్పుడికీ అదరడు. "చూశా అన్నయ్యా. బాగుంది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి" అన్నాడు.

"అక్షరాలు కాదురా, అంకెలు చూడు. నాన్న ఏమన్నాడు? చెరి సగం అన్నాడా, చెరో లెక్క అన్నాడా? డ్రమ్ములో మొక్కజొన్న ఎవరిది?"

"మనిద్దరిదీ."

"మరి పెద్ద పాలు నీకెందుకు?"

"పాలు ఎక్కువిచ్చేది చుక్కలావు కదండీ బావగారూ" అంది మరదలు.

"ఆ పాలు కాదమ్మాయ్. వాటా సంగతి."

"చొక్కాలు కుట్టేటప్పుడు అందరికీ ఒకే కొలత పెడతారా మీరు?"

సూది దిగింది. దర్జీని కదా, సూదులు అలవాటే. "గుడ్డ ఎవరిది వాళ్ళు తెచ్చుకుంటారమ్మాయ్. మొక్కజొన్న మాత్రం మా నాన్నది" అన్నాను.

మరదలు తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు చూరు వైపు చూశాడు. "పోనీలే, అన్నయ్య మాట. నాలుగూ నాలుగూ పెట్టుకుందాం" అన్నాడు. మొత్తం ఎనిమిది కిలోలే కదా, చెరి నాలుగు. గోడ మీది రెండున్నరనీ ఐదున్నరనీ నా తడి గుడ్డతోనే తుడిచి, రెండు చోట్లా గుండ్రంగా నాలుగు వేశాను. డాక్టరమ్మ నాలుగు కంటే నా నాలుగు అందంగా ఉంది.

మర్నాటి నుంచి కొక్కెం తక్కెడ తెచ్చి పొద్దున రెండు, సాయంత్రం రెండు కిలోలు నేనే తూచేవాణ్ణి. చుక్కలావు తన గిన్నె ఖాళీ చేసి, మా గిన్నె వైపు మెడ చాచి, తాడు బిగుసుకునేదాకా చూసేది. ఆ చూపు నాకు బాగా తెలుసు. అద్దంలో రోజూ చూస్తూనే ఉంటాను.

మూడో రోజుకి మైకు గొంతు మారింది. "చుక్కలావు, ఆరూ పాయింట్ రెండు." నాలుగో రోజు ఐదూ ఎనిమిది. ఐదో రోజు మొత్తం కలిపితే పదకొండూ పాయింట్ మూడు. నా ఎర్రావు? ఆరు నుంచి ఆరున్నరకి ఎక్కింది. కిలోన్నర ఎక్కువ మేపితే అర లీటరు. నాకు అది చాలలేదు గానీ, పక్కింటి రెండున్నర లీటర్ల పతనం మాత్రం కడుపు నింపింది. ఆ రోజు ఈలవేసుకుంటూ ఇంటికొచ్చాను.

మా ఆవిడ గుమ్మంలోనే ఎదురైంది. "ఏంటా ఈల?"

"ఏముంది, గాలి."

"గాలి కాదు, గర్వం. ఆ పిల్ల పొద్దున కొట్టంలో తూకం చీటీ పట్టుకుని నిలబడి, ఆవు వెన్ను నిమురుతోంది. పక్కటెముకలు తేలుతున్నాయండీ దానికి. ఇంకో పది రోజుల్లో రికార్డాయన వస్తాడు. మీకు తెలీదా?"

"నేనేం లాక్కోలేదే. సగమే తీసుకున్నా."

"సగమే. చిన్నప్పుడు మీ తమ్ముడికి జ్వరమొస్తే మందులో కూడా సగం అడిగారట, అత్తయ్య చెప్పేది."

ఆవులకి నేను గడ్డి పెడుతుంటే, నాకు మా ఆవిడ ఇలా రోజూ పెడుతూ ఉంటుంది. నాకు బాగానే అరుగుతుంది.

ఆ సాయంత్రమే మరదలు మిషను దగ్గరికి వచ్చింది. ముఖంలో కోపం లేదు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

"బావగారూ, పచ్చిమేత కూడా చెరి సగమే కదా?"

"ముమ్మాటికీ."

"పొడుగు గడ్డి మోసుకురావడం నా వల్ల కావట్లేదు. గట్టు వార లూసర్న్ దగ్గర్లో ఉంది. అది నేను కోసుకుంటా, గడ్డంతా మీరు కోసుకోండి. మీరు రోజుకి ముప్ఫై ఐదు కిలోలు తీసుకోండి. నాకు పదిహేను కిలోల లూసర్న్ చాలు. అదీ ఎండలో వాడ్చి, వడిలాకే తూచుకుంటా."

మిషను ఆపాను. ముప్ఫై ఐదు, పదిహేను. ఇరవై కిలోల తేడా, అదీ నా వైపు. పైగా వాడిపోయింది తీసుకుంటుందట. పాపం అనిపించింది కూడా. ఎదుటివాళ్ళు నష్టపోతున్నప్పుడు నాకు జాలి చాలా తేలిగ్గా వస్తుంది.

"నీకు కష్టమైతే అలాగే కానీ అమ్మాయ్. మాట మాటే, మళ్ళీ మార్చకూడదు."

"నేను మార్చను" అంది మరదలు. 'నేను' అన్న చోట కాస్త నొక్కింది.

మర్నాటి నుంచి తెల్లారకముందే లేచి, మంచు కారుతున్న ఆరడుగుల గడ్డి కోసి, ముప్ఫై ఐదు కిలోల మోపు నెత్తిన పెట్టుకుని, చొక్కా తడిసి, మెడ వంగి, గర్వంగా పెరట్లోకి దిగేవాణ్ణి. మరదలు ముందురోజు కోసి పరిచిన లూసర్న్‌ని ఒక గంపలో ఎత్తుకొచ్చేది. తన వాటా ఎండుగడ్డిని ముక్కలుగా కత్తిరించి, లూసర్న్‌ని అందులో కలిపి, నాలుగు సార్లుగా పెట్టేది. పచ్చిగా, తడిగా ఒకేసారి పెడితే ఆవుకి పొట్ట ఉబ్బుతుందట. ఆ గంప చూసి నేను లోపల్లోపల ఉబ్బేవాణ్ణి.

రెండు రోజులు గడిచాయి. మైకు, "చుక్కలావు, ఆరు" అన్నాడు. సరేలే, గాలివాటం అనుకున్నాను. మూడో రోజు, "ఆరూ పాయింట్ ఒకటి." నాలుగో రోజు రెండు పూటలూ కలిపి పన్నెండూ పాయింట్ రెండు. నా ఎర్రావు ఆరున్నర దగ్గరే నిలబడి తోక ఊపుతోంది. ముప్ఫై ఐదు కిలోలు తిని ఏం చేస్తోందో అర్థం కాలేదు. పాలు ఎందుకు పోయడం లేదో నాకు పాలుపోలేదు.

దొంగతనం జరుగుతోందనిపించింది. డ్రమ్ము మూత మీద సుద్దతో గీత గీశాను. గీత చెదరలేదు. తవుడు బస్తా చూశాను, కుట్టు నేను వేసిందే, విప్పలేదు. ఆ మధ్యాహ్నమే కటింగు వదిలేసి కొట్టం కిటికీ పక్కన గంటసేపు నక్కాను. మరదలు చుక్కలావుకి కుడితి పెట్టి, దూడ చెవులు సర్ది, వెళ్ళేటప్పుడు కిటికీ వైపు చూడకుండానే, "మంచినీళ్ళు కావాలా బావగారూ?" అంది.

మర్నాడు డాక్టరమ్మ ఎర్రావు చూలు పరీక్షకి వచ్చింది. ఐదో నెల, అంతా సవ్యంగా ఉందంది. తర్వాత తోక మొదట్లో చెయ్యి పెట్టి నొక్కి, ముఖం చిట్లించింది.

"టేపు ఇవ్వండి."

అరవై ఎనిమిదిన్నర. పది రోజుల్లో అర అంగుళం. చొక్కా అయితే పక్క కుట్టు విప్పాల్సిన వేళ.

"ఇదేంటి, ఇంత కొవ్వు పట్టింది? గోడ మీద ఈ నాలుగు ఎవరు రాశారు?"

ఎర్రావు నెమరు వేస్తూ నా వైపు చూసింది. ఆవులు అబద్ధమాడవు గానీ చాడీలు మాత్రం చెప్పగలవు.

"అన్నదమ్ములు కదండీ, సమానంగా ఉండాలని..." అని నసిగాను.

"ఆవులు అన్నదమ్ములు కావు" అంది డాక్టరమ్మ. "ఇది ఈత చివర్లో ఉంది. ఎక్కువ పెడితే పాలకి వెళ్ళదు, వీపుకి వెళ్తుంది. అది ఈని రెండు నెలలు, తక్కువ పెడితే ఒంట్లో ఉన్నది కరిగించి మరీ ఇస్తుంది, ఆ తర్వాత ఇవ్వలేదు." చుక్కలావు గిన్నెలోకి వంగి చూసింది. "అయినా ఇది పన్నెండు దాటి ఎలా ఇస్తోంది?"

మరదలు గంప ముందుకు జరిపింది. డాక్టరమ్మ వాడిన లూసర్న్ గుప్పెడు పట్టుకుని నలిపింది, వాసన చూసింది, ఆ తర్వాత మరదలి భుజం తట్టింది. నా భుజం ఇంతవరకు ఏ డాక్టరూ తట్టలేదు.

"చూశారా," అని నా వైపు తిరిగింది, "మీ ముప్ఫై ఐదు కిలోల మంచు గడ్డిలో పైన కారే తడీ, లోపలి నీళ్ళూ పోతే మిగిలేది ఐదు కిలోలపై చిల్లర. ఈమె పదిహేను కిలోల్లో ఆరు. పైగా ఇది పప్పుజాతి, మాంసకృత్తులు గడ్డికి రెట్టింపు. దాణాలో తగ్గిన కిలోన్నర ఇక్కడ పూడ్చుకుంది."

నేను ఐదు రోజులుగా నెత్తిన మోసింది నీళ్ళన్నమాట. మెడ నొప్పి అప్పుడే మొదలైంది.

"మోసం కదమ్మాయ్ ఇది" అన్నాను.

"తక్కువ నాకు, ఎక్కువ మీకు ఇచ్చాను బావగారూ. మీరే మాట మార్చకూడదన్నారు." అప్పటిదాకా నిదానంగా ఉన్న గొంతు కాస్త దిగింది. "ఇంకేం లేదులెండి. లూసర్న్ ఇవాళ్టితో అయిపోయింది. మళ్ళీ చిగురేసి కోతకి రావాలంటే నెల పడుతుంది. రికార్డాయన ఐదు రోజుల్లో వస్తాడు."

గంప తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. దాణా అడగలేదు. అడిగి ఉంటే కాదనే వీలుండేది.

లెక్క అందరికీ అర్థమైంది. లూసర్న్ పోయి మళ్ళీ గడ్డీ, నాలుగు కిలోల దాణా అంటే చుక్కలావు మళ్ళీ పదకొండుకి జారుతుంది. గడి ఖాళీగా ఉంటుంది. నేను ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు. అలాంటి సులువైన పనిలో నాకు మంచి అనుభవం ఉంది.

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటుంటే మగ్గుతో నీళ్ళు పోస్తూ మెల్లగా అడిగాను. "డాక్టరమ్మా, నా ఆవు పోయిన ఈతలో పదమూడు ఇచ్చింది. మళ్ళీ అంత ఇస్తుందా?"

"ఎందుకివ్వదు? పదిహేను కూడా ఇవ్వొచ్చు. కానీ ఇలాగే కొవ్వెక్కిస్తే ఈనేటప్పుడు కష్టం, ఈనాక మేత మీద మనసు పోదు. పాలు పిండుదామన్నా రావు. ఇప్పుడు రెండున్నర దగ్గర ఆపండి. ఏడో నెలలో వట్టిపోనివ్వండి, అంటే పాలు ఆపేసి విశ్రాంతి. ఈనే ముందు మళ్ళీ కొద్దికొద్దిగా పెంచుదాం."

"ఈనడం నాలుగు నెలల్లో కదా. అప్పటికి ఆ చుక్కలావు?"

"ఆరు నెలల పాడి అవుతుంది. తొమ్మిదో, పదో ఇస్తుంది."

మగ్గు నా చేతిలో ఆగిపోయింది. ఎర్రావు పదిహేను, చుక్కలావు పది. మైకు గొంతు ఇప్పుడే చెవిలో మోగింది. ఎర్రావు ఏడున్నర, చుక్కలావు ఐదు. అదీ ఒక్క పూట కాదు, నెలల తరబడి.

"అప్పుడు నాదానికి దాణా ఎంత పడుతుంది?"

"పదిహేనుకి ఆరు కిలోలు."

"దానికి?"

"నాలుగు."

నా లోపల రెండు అసూయలు జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి. ఒకటి, ఐదు రోజుల తర్వాత మరదలి ముఖం చూడాలంది. రెండోది, నాలుగు నెలల తర్వాత మైకు గొంతు వినాలంది. మొదటిది గెలిస్తే నాన్న చెరి సగం నా మెడకే ఉరి అవుతుంది. అప్పుడు నా పదిహేను లీటర్ల ఆవు ఐదు కిలోల దాణా దగ్గర గిన్నె నాకుతూ నిలబడాలి. రెండోది గెలవాలంటే ఇప్పుడే చెయ్యి వదలాలి. మంచితనం ఈ కొట్లాటలో ఎక్కడా లేదు, ఉందని అబద్ధం చెప్పను.

తడి గుడ్డ తెచ్చి నా అందమైన నాలుగులు రెండూ తుడిచాను. రెండున్నర. ఐదున్నర. రాస్తుంటే సుద్దముక్క ఐదు దగ్గర విరిగింది.

"రేపటి నుంచి చుక్కలావుకి రోజుకి అరకిలో చొప్పున పెంచుకుంటూ పో అమ్మాయ్," అని లోపలికి వినపడేలా అన్నాను, "మూడు రోజుల్లో ఐదున్నరకి. ఒక్కసారే పోయకు, అరగదు. ఏ ఆవు పాలని బట్టి ఆ ఆవు దాణా. ఇక మీదట ఇదే పద్ధతి. నాలుగు నెలల తర్వాత కూడా."

మరదలు గుమ్మంలోకి వచ్చింది. గోడ చూసింది, ఎర్రావుని చూసింది, నన్ను చూసింది. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టింది, నాలుగో వేలి దగ్గర ఆగింది.

"నాలుగు నెలలకి మీది ఈనుతుంది కదా బావగారూ" అంది.

"అలాగా? నాకు తట్టనేలేదు."

"తప్పకుండా అలాగే పెట్టుకుందాం. మీ చేత్తోనే రాశారుగా" అంది. పెదవి చివర చిన్న నవ్వు వచ్చి ఆగిపోయింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆవిడకి అన్నీ తెలుస్తున్నాయి. అది ఇంకో కుట్టు.

ఐదో రోజు సాయంత్రం రికార్డాయన తన కాటా, రిజిస్టరుతో దిగాడు. తమ్ముడు డ్యూటీ మార్చుకుని వచ్చి ఒక మూల నిలబడ్డాడు. మరదలు పీట వేసుకు కూర్చుంది. చుక్కలావు కొత్త మనిషిని చూసి తోక కొట్టడం మొదలుపెట్టింది.

"ఎవరైనా తోక పట్టుకోండి" అన్నాడు రికార్డాయన.

అందరూ నా వైపు చూశారు. పట్టుకున్నాను. శత్రువు తోక పట్టుకుని, శత్రువు పొదుగులోంచి బకెట్లోకి పడే ప్రతి ధారనీ విన్నాను. మధ్యలో ఒకసారి, చెయ్యి వదిలేస్తే ఏమవుతుంది అనిపించింది. తోక విసురుకి ఆవు అదిరి, కాలు విదిలించి, బకెట్టు ఒలికి... వేళ్ళు సడలాయి కూడా. అంతలో ఎర్రావు పక్కనుంచి దగ్గింది. నాలుగు నెలలు గుర్తొచ్చి మళ్ళీ బిగించాను.

సాయంత్రం ఐదూ పాయింట్ తొమ్మిది.

అంటే పొద్దున్నే ఆరూ పాయింట్ ఒకటి రావాలి. మరదలు ఆ రాత్రి అన్నం తిన్నదో లేదో నాకు తెలియదు. నేను మాత్రం తిన్నాను, అరగలేదు.

పొద్దున మళ్ళీ తోక నాదే. ఈసారి చుక్కలావు కదల్లేదు, రెండు చెవులూ వెనక్కి పెట్టి నిలబడింది. మరదలు ఆఖరి చుక్క దాకా పిండి, బకెట్టు తనే ఎత్తి కాటా మీద పెట్టింది. రికార్డాయన ముల్లు ఆగేదాకా ఆగి, కళ్ళజోడు సరిచేసుకుని, నెమ్మదిగా చదివాడు.

"ఆరూ పాయింట్ ఏడు. మొత్తం పన్నెండూ పాయింట్ ఆరు."

తమ్ముడు ఒక్క చప్పట్టు కొట్టి, నన్ను చూసి ఆపాడు. మరదలు కొంగుతో చేతులు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. తర్వాత దూడ దగ్గరికి వెళ్ళి దాని మెడ చుట్టూ చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడింది. అప్పుడు చూసుకున్నాను, చుక్కలావు తోక ఇంకా నా చేతిలోనే ఉంది.

రికార్డాయన రిజిస్టరు నా ముందు పెట్టాడు. "పక్కన ఆవు ఉన్న రైతు సాక్షి సంతకం కావాలండీ."

"నాదా?"

"కొట్టంలో ఇంకో ఆవు ఎవరిది మరి?"

సంతకం పెట్టాను. "కాస్త మెల్లగా," అన్నాడాయన, "కింద కాగితం చిరుగుతోంది."

తర్వాత పెన్ను తీసుకుని పెంపకందారు గడి దగ్గర ఆగి, "పూర్తి పేరు చెప్పమ్మా, ఇంటిపేరుతో సహా" అని మరదలిని అడిగాడు.

మరదలు చెప్పింది. మెల్లగా, ఒక్కో అక్షరం విడదీసి, తప్పు పడకుండా. పన్నెండేళ్ళుగా 'అమ్మాయ్' అని పిలుస్తున్నాను గానీ ఆ పేరు ఆ చివర నుంచి ఈ చివర దాకా వినడం నాకదే మొదటిసారి. రికార్డాయన రాస్తూ ఉంటే పక్క గడిలో ఉన్న నా సంతకం వంక చూసుకున్నాను, తర్వాత ఆవిడ పేరు వంక చూశాను. మళ్ళీ లెక్కపెట్టి చూసుకున్నాను.

నా పేరు కంటే రెండు అక్షరాలు ఎక్కువ.